లవంలో s ఉన్నప్పుడు: కంట్రోలబుల్ కానోనికల్ రూపం, అది మినిమల్ అవునో కాదో తేల్చే దారి

లవంలో స్థిరాంకం మాత్రమే ఉన్న ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను స్థితి సమీకరణాలుగా మార్చడం తేలిక. అవుట్‌పుట్ y, దాని అవకలజాలు y′, y″ లనే స్థితి చరరాశులుగా తీసుకుంటే పని పూర్తవుతుంది. లవంలో s కనిపించగానే ఈ దారి మూసుకుపోతుంది. ఈ వ్యాసమంతా ఒకే ఉదాహరణ చుట్టూ నడుస్తుంది:

```
            s² + 5s + 4
G(s) = ---------------------
        s³ + 6s² + 11s + 6
```

దీన్ని అవకలన సమీకరణంగా విప్పితే ఇలా వస్తుంది:

y‴ + 6y″ + 11y′ + 6y = u″ + 5u′ + 4u

పాత పద్ధతిలోనే x₁ = y, x₂ = y′, x₃ = y″ అనుకుందాం. మూడో సమీకరణం x₃′ = −6x₁ − 11x₂ − 6x₃ + 4u + 5u′ + u″ అవుతుంది. స్థితి సమీకరణంలో కుడివైపు x, u తప్ప మరేవీ ఉండకూడదు. ఇక్కడ u′, u″ వచ్చి చేరాయి. ఇది కేవలం రాతలో ఉన్న ఇబ్బంది అనుకుంటే పొరపాటు. ఇన్‌పుట్‌గా యూనిట్ స్టెప్ ఇస్తే y′ ఉన్నట్టుండి 0 నుంచి 1కి ఎగురుతుంది, y″లో ఆ క్షణాన ఇంపల్స్ పుడుతుంది. పరిమితమైన ఇన్‌పుట్‌కే ఇలా గెంతే రాశిని స్థితిగా ఎంచుకోలేం. ఇంటిగ్రేటర్ నుంచి బయటికి వచ్చే రాశి అలా గెంతదు, స్థితి అనేది ఇంటిగ్రేటర్ అవుట్‌పుటే కదా. కాబట్టి y, దాని అవకలజాలు ఇక్కడ స్థితిగా పనికిరావు. మరో రాశిని వెతుక్కోవాలి.

మధ్యలో ఒక రాశి

G(s) = N(s)/D(s) అనుకుందాం. N లవం, D హారం. ఈ భాగహారాన్ని రెండు అంచెలుగా విడదీయవచ్చు. మొదటి అంచెలో ఇన్‌పుట్‌ను హారంతో భాగించి Z(s) అనే మధ్య రాశిని తెచ్చుకుంటాం. రెండో అంచెలో ఆ Zను లవంతో గుణించి అవుట్‌పుట్ పొందుతాం:

D(s)·Z(s) = U(s),  Y(s) = N(s)·Z(s)

మొదటి అంచెలో లవం లేదు. అంటే z‴ + 6z″ + 11z′ + 6z = u. మనకు ముందునుంచీ తెలిసిన తేలికైన సమీకరణమే ఇది. x₁ = z, x₂ = z′, x₃ = z″ అని తీసుకుంటే u అవకలజాలు ఎక్కడా రావు. రెండో అంచె y = z″ + 5z′ + 4z. ఇందులో కొత్తగా అవకలనం చేయవలసినదేమీ లేదు, ఎందుకంటే z′, z″ ఇప్పటికే స్థితులుగా మన చేతిలో ఉన్నాయి. y = 4x₁ + 5x₂ + x₃ అని రాస్తే సరిపోతుంది.

```
      |  0    1    0 |        | 0 |
A  =  |  0    0    1 |    B = | 0 |    C = | 4  5  1 |    D = 0
      | −6  −11   −6 |        | 1 |
```

ఇదే కంట్రోలబుల్ కానోనికల్ రూపం. (ఇక్కడ నాలుగో మాత్రిక D, హార బహుపది D(s) ఒకటి కావు. చాలా పుస్తకాలు రెండింటికీ అదే అక్షరం వాడుతున్నందున నేనూ మార్చడం లేదు.) హారం గుణకాలు గుర్తు మారి A చివరి వరుసలో, స్థిరపదం మొదట వచ్చేలా కూర్చున్నాయి. లవం గుణకాలు అదే వరుసక్రమంలో Cలోకి వెళ్లాయి. A, B లలో లవం ఆనవాలే లేదు. ఈ సంగతి మీద కాస్త నిలవండి, మినిమల్ పరీక్ష మొత్తం దీనిపైనే ఆధారపడి ఉంది.

లవం, హారం ఒకే ఘాతంలో ఉంటే

పై ఉదాహరణలో లవం ఘాతం హారం ఘాతం కన్నా తక్కువ. రెండూ సమానమైతే ఒక అంచె అదనంగా వస్తుంది. విద్యార్థుల జవాబు పత్రాల్లో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఈ ఫంక్షన్ తీసుకోండి:

```
        2s³ + 13s² + 27s + 16
H(s) = -----------------------
         s³ + 6s² + 11s + 6
```

ఇప్పుడు y = 2z‴ + 13z″ + 27z′ + 16z. ఇందులో z‴ స్థితి కాదు. అయితే మొదటి అంచె నుంచి z‴ = u − 6z − 11z′ − 6z″ అని తెలుసు. దాన్ని ప్రతిక్షేపిస్తే y = (16 − 12)z + (27 − 22)z′ + (13 − 12)z″ + 2u. అంటే C మళ్లీ [4 5 1], D మాత్రం 2. లవాన్ని హారంతో భాగిస్తే భాగఫలం 2, శేషం s² + 5s + 4 వస్తాయి కదా, ఇది ఆ పనే. సూత్రంగా చెప్పాలంటే, లవంలో sⁱ గుణకం bᵢ, హారంలో sⁱ గుణకం aᵢ, లవంలో అత్యధిక ఘాతపు గుణకం bₙ అనుకుంటే, Cలోని ప్రతి గుణకం bᵢ − aᵢ·bₙ, D విలువ bₙ.

తీసివేత మరచి C = [16 27 13], D = 2 అని రాసినవారికి తప్పు దొరకబుచ్చుకునే మార్గం ఒకటుంది. స్థిర ఇన్‌పుట్ ఇచ్చి చాలాసేపు ఆగామనుకోండి. అప్పుడు x₂ = x₃ = 0, x₁ = u/6. ఒప్పు రూపంలో y = 4u/6 + 2u = 8u/3. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో s = 0 పెడితే 16/6, అదీ 8/3. తప్పు రూపం 14/3 ఇస్తుంది. ఒక్క నిమిషంలో తేలిపోయే ఈ సరిచూపును ఏ లెక్కకైనా చేసి తీరాలని నా అభిప్రాయం.

ఒక పరీక్ష ముందే నెగ్గినట్టే

ఒక ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌ను ఎన్ని స్థితులతోనైనా రాయవచ్చు. అవసరం లేని స్థితులు కలిపినా ఇన్‌పుట్ నుంచి అవుట్‌పుట్‌కు సంబంధం మారదు. అన్నిటికన్నా తక్కువ స్థితులతో రాసినదే మినిమల్ రియలైజేషన్. రుడాల్ఫ్ కాల్మన్, ఎల్మర్ గిల్బర్ట్ 1963లో వేర్వేరుగా ప్రచురించిన పరిశోధనలతో ఈ విషయానికి గట్టి పునాది పడింది. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌లో కనిపించేది కంట్రోలబుల్‌గానూ అబ్జర్వబుల్‌గానూ ఉన్న భాగం మాత్రమే. అందుచేత రియలైజేషన్ మినిమల్ కావాలంటే ఆ రెండు గుణాలూ ఉండాలి, రెండూ ఉంటే అది మినిమల్ అయి తీరుతుంది.

మన రూపంలో కంట్రోలబిలిటీ మాత్రిక ఇదీ:

```
                     | 0   0    1 |
[ B   AB   A²B ]  =  | 0   1   −6 |
                     | 1  −6   25 |
```

ఎడమ పైమూల అంతా సున్నాలు, అడ్డంగా వెళ్లే కర్ణంలో అన్నీ ఒకట్లు. దీని నిర్ధారకం −1. హారం గుణకాలు ఏవైనా ఈ ఆకారం మారదు కాబట్టి నిర్ధారకం ఎప్పుడూ +1 గానీ −1 గానీ అవుతుంది, సున్నా కానే కాదు. కారణం నిర్మాణంలోనే ఉంది. ఇన్‌పుట్ z‴ దగ్గర ప్రవేశించి, వరుసగా మూడు ఇంటిగ్రేటర్ల గుండా సాగుతుంది. ఏ స్థితీ ఆ గొలుసుకు బయట లేదు. ఈ రూపానికి ఆ పేరు అందుకే వచ్చింది. పరీక్షలో ఈ ర్యాంకును పేజీ నిండా లెక్కకట్టేవారు ముందే తెలిసిన జవాబును మళ్లీ రాబడుతున్నారు.

మిగిలింది అబ్జర్వబిలిటీ. సందేహమేదైనా ఉంటే అది C దగ్గరే ఉండాలి. Cలో ఉన్నది లవమే.

అబ్జర్వబిలిటీ లెక్క

C = [4 5 1]. దీన్ని Aతో గుణిస్తే CA = [−6 −7 −1]. మరోసారి గుణిస్తే CA² = [6 5 −1]. మూడింటినీ పేర్చితే:

```
      |  4   5   1 |
O  =  | −6  −7  −1 |
      |  6   5  −1 |
```

నిర్ధారకం 4×(7 + 5) − 5×(6 + 6) + 1×(−30 + 42) = 48 − 60 + 12 = 0. మొదటి రెండు వరుసలు ఒకదానికొకటి గుణిజాలు కావు కాబట్టి ర్యాంకు 2. మూడు స్థితుల్లో ఒక దిశ అవుట్‌పుట్‌కు కనిపించడం లేదు. ఈ రియలైజేషన్ మినిమల్ కాదు, రెండు స్థితులు చాలు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఈ మాత్రికలో ఇంకా విలువైన సమాచారం ఉంది. మూడో వరుస మొదటి రెండింటిపై ఆధారపడి ఉందని తెలిసింది, మరి ఆ ఆధారం ఎలాంటిది? సరిచూస్తే CA² + 5·CA + 6·C = 0 అని వస్తుంది. మొదటి నిలువు వరుసలో 6 − 30 + 24, రెండో దానిలో 5 − 35 + 30, మూడో దానిలో −1 − 5 + 6, మూడూ సున్నాలే. ఇక్కడి 1, 5, 6 గుణకాలే చిన్న వ్యవస్థకు రావలసిన హారం s² + 5s + 6. రద్దయ్యే పదమేమిటో ఇంకా వెతక్కుండానే, మిగలబోయే హారాన్ని ఈ వరుసల సంబంధం చెప్పేసింది.

ఎందుకిలా జరుగుతుంది

హారాన్ని కారణాంకాలుగా రాస్తే (s + 1)(s + 2)(s + 3), లవం (s + 1)(s + 4). s + 1 రెండింటా ఉంది. ఉమ్మడి కారణాంకం ఉంటే మినిమల్ కాదని పాఠాల్లో చదువుతాం. ఆ ఉమ్మడి కారణాంకానికీ O ర్యాంకు పడిపోవడానికీ ఉన్న ముడి ఈ కానోనికల్ రూపంలో కంటికి ఎదురుగానే కనిపిస్తుంది.

A చివరి వరుస తప్ప మిగిలిన వరుసలన్నీ x₁′ = x₂, x₂′ = x₃ అని మాత్రమే చెబుతాయి. ఐగన్ విలువ λ అయితే ఆ దిశలో ప్రతి స్థితీ e^(λt)లాగా మారుతుంది, అవకలనం అంటే λతో గుణించడమే. అందువల్ల ఐగన్ సదిశ v = [1, λ, λ²] కాక వేరేది కావడానికి వీల్లేదు. దాన్ని Cతో గుణించండి:

C·v = 4 + 5λ + λ² = N(λ)

అవుట్‌పుట్‌లో ఆ దిశ ఎంత కనిపిస్తుందో చెప్పే సంఖ్య, లవం ఆ పోల్ దగ్గర తీసుకునే విలువే. λ = −1 వద్ద N = 4 − 5 + 1 = 0. v = [1, −1, 1] దిశలో ఉన్న స్థితి అవుట్‌పుట్‌కు పూర్తిగా అదృశ్యం. λ = −2 వద్ద N = −2, λ = −3 వద్ద N = −2. ఆ రెండూ కనిపిస్తాయి. పోపోవ్, బెలెవిచ్, హౌటస్ పేర్లతో ఉన్న పరీక్షను మన రూపానికి అన్వయిస్తే మిగిలేది ఇంతే: ప్రతి పోల్‌ను లవంలో ప్రతిక్షేపించు, సున్నా వచ్చిందేమో చూడు.

D సున్నా కానప్పుడు కూడా ఇది చెదరదు. అప్పుడు Cలో ఉన్నది N(s) − bₙ·D(s) గుణకాలు. పోల్ దగ్గర D(λ) ఎలాగూ సున్నా కాబట్టి C·v మళ్లీ N(λ)యే అవుతుంది. H(s)ను సరిచూడండి: −2 + 13 − 27 + 16 = 0. అదే పోల్ −1, అదే జవాబు.

ఇంకో అడుగు ముందుకు వేస్తే O మాత్రిక అసలు స్వరూపం బయటపడుతుంది. అది N(A)యే, అంటే లవ బహుపదిలో s స్థానంలో A పెడితే వచ్చే మాత్రిక. మన ఉదాహరణలో A² + 5A + 4I లెక్కకట్టి చూడండి, మూడు వరుసలూ పైన రాసిన O వరుసలతో అక్షరాలా సరిపోతాయి. దీనివల్ల O నిర్ధారకం, పోల్స్ అన్నిటి దగ్గరా లవం విలువల లబ్ధానికి సమానం. మన లెక్కలో 0 × (−2) × (−2) = 0. పోల్స్ పునరావృతమైనా ఈ సమానత నిలుస్తుంది. ఏ ఒక్క పోల్ లవానికి మూలమైనా లబ్ధం సున్నా అవుతుంది, ర్యాంకు పడిపోతుంది.

మూలాలు కనుక్కోవడం కష్టమైన పెద్ద బహుపదులకు యూక్లిడ్ పద్ధతి ఉంది. హారాన్ని లవంతో భాగిస్తే భాగఫలం s + 1, శేషం 2s + 2. లవాన్ని ఆ శేషంతో భాగిస్తే మిగిలేది సున్నా. చివరి సున్నా కాని శేషం 2(s + 1), ఉమ్మడి కారణాంకం అదే. O ర్యాంకు ఎంత తగ్గుతుందంటే ఈ ఉమ్మడి కారణాంకం ఘాతమంత.

ఇదంతా ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్ ఉన్న వ్యవస్థలకే వర్తిస్తుంది. ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు ఎక్కువైతే గుణకాలను చూసి తేల్చడం కుదరదు, ర్యాంకులు లెక్కకట్టాల్సిందే.

తగ్గించిన రూపం

s + 1ను రద్దుచేస్తే G(s) = (s + 4)/(s² + 5s + 6). అదే పద్ధతిలో:

```
A = |  0   1 |    B = | 0 |    C = | 4  1 |    D = 0
    | −6  −5 |        | 1 |
```

ఇక్కడ CA = [−6 −1]. O నిర్ధారకం 4×(−1) − 1×(−6) = 2. కొత్త లవం s + 4 విలువలు −2 వద్ద 2, −3 వద్ద 1, లబ్ధం 2. రెండు దారులూ కలిశాయి. ఇది మినిమల్, దీనికన్నా చిన్నది లేదు.

రద్దుచేస్తే పోయేది ఏమిటి

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. దీన్ని పట్టించుకోని పాఠాలు చాలా ఉన్నాయి, అందుకే కొంచెం సేపు దీనిమీదే ఉంటాను.

మొదట రాసిన అవకలన సమీకరణానికి తిరిగి వెళ్దాం. ఇన్‌పుట్ సున్నా, తొలి విలువలు y(0) = 1, y′(0) = −1, y″(0) = 1 అనుకోండి. జవాబు y = e^(−t). సమీకరణంలో పెట్టి చూస్తే −1 + 6 − 11 + 6 = 0, సరిపోయింది. అంటే ఆ అవకలన సమీకరణంలో e^(−t) అవుట్‌పుట్‌లో స్పష్టంగా కనిపిస్తుంది.

మన కంట్రోలబుల్ రూపం మాత్రం ఇన్‌పుట్ లేకుండా e^(−t)ని ఎన్నటికీ అవుట్‌పుట్‌గా ఇవ్వలేదు. తొలి స్థితి ఏదైనా సరే, ఆ దిశలో ఉన్న భాగాన్ని C సున్నాతో గుణిస్తుంది. రెండూ ఒకే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌కు చెందినవే, కానీ రెండూ ఒకే వ్యవస్థ కావు. అవకలన సమీకరణాన్ని యథాతథంగా మోసేది అబ్జర్వబుల్ కానోనికల్ రూపం. మన Aను తిప్పిరాసి, C నిలువుగా Bగా, B అడ్డంగా Cగా మారిస్తే అది వస్తుంది. అందులో −1 పోల్ అవుట్‌పుట్‌కు కనిపిస్తుంది, ఇన్‌పుట్ మాత్రం దాన్ని కదిలించలేదు. కంట్రోలబుల్ రూపంలో ఇందుకు సరిగ్గా విలోమం: ఇన్‌పుట్ కదిలిస్తుంది, అవుట్‌పుట్ చూడలేదు.

కంట్రోలబిలిటీ గానీ అబ్జర్వబిలిటీ గానీ స్థితులను మార్చి రాసినంత మాత్రాన మారవు. అందువల్ల ఉమ్మడి కారణాంకం ఉన్నప్పుడు ఈ రెండు రూపాలనూ కలిపే పరివర్తన మాత్రికే లేదు. ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చమని అడిగితే, ముందు లవహారాలకు ఉమ్మడి కారణాంకం ఉందేమో చూడటం మేలు. ఉంటే ఆ మాత్రిక విలోమం దగ్గర లెక్క ఆగిపోతుంది. అది లెక్కలో దొర్లిన తప్పు కాదు, అలాంటి మాత్రిక లేదని లెక్క చెబుతున్న మాట. రద్దుచేశాక రెండు స్థితుల రూపాల మధ్య మాత్రం పరివర్తన ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే ఒకే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌కు మినిమల్ రియలైజేషన్లన్నీ ఒకదానికొకటి స్థితుల మార్పుతో వచ్చేవే.

రద్దు చేయవచ్చా అనే ప్రశ్నకు జవాబు ఇక్కడి నుంచే వస్తుంది. ఇన్‌పుట్‌కు అవుట్‌పుట్ ఎలా స్పందిస్తుందన్నదే కావాలంటే నిశ్చింతగా రద్దుచేయవచ్చు. తొలి స్థితి ప్రభావం, లోపలి సంకేతాల పరిమాణం కూడా కావాలంటే దాగిన పోల్ ఎక్కడుందో చూడాలి. −1 అయితే లోపల ఏమున్నా కొన్ని సెకన్లలో అణగిపోతుంది. అదే +1 అయితే సంగతి వేరు. హారం (s − 1)(s + 2)(s + 3) = s³ + 4s² + s − 6, లవం (s − 1)(s + 4) = s² + 3s − 4 తీసుకోండి. A చివరి వరుస [6 −1 −4], C = [−4 3 1]. తొలి స్థితి [1, 1, 1] అయితే ప్రతి స్థితీ e^t వేగంతో పెరుగుతుంది, −4 + 3 + 1 = 0 కాబట్టి అవుట్‌పుట్ సున్నా దగ్గరే ఉండిపోతుంది. పది సెకన్లకు స్థితులు సుమారు 22,000 రెట్లు పెరుగుతాయి. అవుట్‌పుట్‌ను కొలిచి నడిపే ఏ కంట్రోలరూ దీన్ని ఆపలేదు, ఎందుకంటే అది కొలతలోనే లేదు. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ మాత్రం (s + 4)/(s² + 5s + 6) అని, స్థిరమైన వ్యవస్థలాగే కనిపిస్తుంది.

కంప్యూటర్‌లో సరిచూడటం

పైథాన్‌లో ఇదే లెక్క:

```python
import numpy as np
from scipy.signal import tf2ss

A, B, C, D = tf2ss([1, 5, 4], [1, 6, 11, 6])
O = np.vstack([C, C @ A, C @ A @ A])
print(A, C)
print(np.linalg.matrix_rank(O))
print(np.linalg.svd(O)[1])
```

ర్యాంకు 2 వస్తుంది. A, C లను చూసి కంగారుపడకండి. `tf2ss` స్థితులను తలకిందుల క్రమంలో తీసుకుంటుంది, x₁ = z″, x₃ = z. అందువల్ల హారం గుణకాలు A పై వరుసలో −6, −11, −6గా, C = [1 5 4]గా కనిపిస్తాయి. మాట్లాబ్‌లోని `tf2ss` కూడా ఈ క్రమమే పాటిస్తుంది. ఇదీ కంట్రోలబుల్ కానోనికల్ రూపమే, స్థితుల వరుస మాత్రమే తిరగబడింది. చేత్తో రాసిన Aను ఒక క్రమం నుంచి, Cను మరో క్రమం నుంచి తీసుకుంటే మాత్రం వేరే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ తయారవుతుంది.

ర్యాంకుతో పాటు కోడ్ చివరి వరుసలో సింగ్యులర్ విలువలనూ చూపించమన్నాను. కొలతల నుంచి వచ్చిన గుణకాల్లో కచ్చితమైన రద్దు దాదాపు ఎప్పుడూ ఉండదు. లవం (s + 1.001)(s + 4) అయితే ఏమవుతుంది? −1 వద్ద లవం విలువ 0.001 × 3 = 0.003. O నిర్ధారకం సుమారు 0.012, ర్యాంకు 3. సిద్ధాంతం ప్రకారం ఇది మినిమల్. సింగ్యులర్ విలువల్లో ఒకటి మాత్రం మిగతావాటికన్నా బాగా చిన్నదిగా కనిపించి, ఆ దిశ అవుట్‌పుట్‌లో ఎంత బలహీనంగా ఉందో చెబుతుంది. మాట్లాబ్‌లోని `minreal` కూడా తనంతట తాను దీన్ని రద్దుచేయదు, ఎందుకంటే దాని సాధారణ సహన పరిమితి సుమారు 1.5 × 10⁻⁸ మాత్రమే. పరిమితి పెంచి రద్దు చేయించాలా వద్దా అన్నది మనం తేల్చుకోవలసిన విషయం.

తేల్చుకోవడానికి ఆంశిక భిన్నాలు చాలు. ఇంపల్స్ ఇస్తే అవుట్‌పుట్‌లో e^(−t) గుణకం 0.003 ÷ 2 = 0.0015. e^(−2t) గుణకం 1.998, e^(−3t) గుణకం −0.9995. మొదటిది మిగతా వాటితో పోలిస్తే వెయ్యోవంతు స్థాయిలో ఉంది, పైగా కాలంతో తగ్గిపోతుంది. సాధారణ పనులకు దీన్ని వదిలేయడంలో తప్పులేదు.

పోల్ +1, జీరో 1.001 అయితే గుణకం ఇంకా చిన్నది: (−0.001 × 5) ÷ (3 × 4), అంటే సుమారు −0.00042. ఇంత చిన్న సంఖ్యే కదా అని రద్దుచేస్తే, పది సెకన్ల దగ్గర అసలు వ్యవస్థ అవుట్‌పుట్ −9.2 దగ్గర ఉంటుంది, తగ్గించిన నమూనా మాత్రం సున్నాకు చేరువలో ఉన్నానంటుంది. మొదటిదానిలో రద్దు చెల్లడానికి, రెండోదానిలో చెల్లకపోవడానికి గుణకం చిన్నదా పెద్దదా అన్నది కారణం కాదు. పోల్ కుడి అర్ధతలంలో ఉన్నప్పుడు ఉజ్జాయింపు రద్దు ఏ సహన పరిమితితోనూ చెల్లదు.